యంత్రం రాసిందన్న నిందకు జవాబు

‘ఇది మీరు రాసినట్టు లేదు, ఏఐ రాసినట్టుంది’ అని ఎవరైనా అంటే ఏం చెప్పాలి? ఇప్పుడు వ్యాసాలు రాసే చాలామందికి, ముఖ్యంగా విద్యార్థులకు, ఈ మాట ఎదురవుతోంది. డిటెక్టర్‌లో పెట్టి చూశామనే రుజువు కూడా వెంట వస్తుంది. అది దేన్ని కొలుస్తుందో తెలిస్తే ఆ రుజువుకు ఎంత విలువ ఇవ్వాలో తెలుస్తుంది.

కొన్ని డిటెక్టర్లు ప్రధానంగా చూసేది, తర్వాత రాబోయే మాటను ఎంత సులువుగా ఊహించవచ్చు అన్నది. ‘పొద్దున్నే లేచి వేడివేడి కాఫీ’ అన్నాక ‘తాగాను’ అని వస్తుందని ఎవరైనా చెబుతారు. ‘ఒలకబోశాను’ అని వస్తే ఊహ తప్పుతుంది. ఊహకు అందే మాటలే వరసగా వస్తుంటే అది యంత్రం పని అని డిటెక్టర్ లెక్కగడుతుంది. అంటే అది చూసేది మాటల పోకడనే, రాసిందెవరో దానికి తెలిసే దారి లేదు.

దీనివల్ల ఎవరు ఇరుక్కుంటారో 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇచ్చారు. అన్నీ మనుషులు రాసినవే. సగటున 61 శాతం వ్యాసాలను అవి ఏఐ ఖాతాలో వేశాయి. అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లలు రాసిన వ్యాసాల విషయంలో మాత్రం దాదాపు తప్పు చేయలేదు. నేర్చుకున్న భాషలో రాసేవారు తమకు బాగా తెలిసిన మాటలే వాడతారు, వాక్యాలు సాదాగా కడతారు. అదే వాళ్ల నేరమైంది. తర్వాత ఆ టోఫెల్ వ్యాసాల్లోని పదాలను చాట్‌జీపీటీతోనే మెరుగు పరిపిస్తే, తప్పుడు ముద్రలు బాగా తగ్గాయి. యంత్రం చేయి పడ్డాకే అవి మనిషి రాతల్లా కనిపించాయి! అమెరికాకు చదువుకు వెళ్లే తెలుగు పిల్లలు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా 2023 జనవరిలో ఒక డిటెక్టర్ విడుదల చేసింది. సంస్థ సొంత పరీక్షలోనే అది ఏఐ రాతల్లో 26 శాతాన్నే పట్టుకుంది, మనుషుల రాతల్లో 9 శాతాన్ని తప్పుగా అనుమానించింది. కచ్చితత్వం తక్కువని ఆ జూలైలోనే దాన్ని ఆపేశారు.

కాబట్టి నింద పడినవారు డిటెక్టర్ శాతాలతో వాదనకు దిగనక్కర్లేదు. చిత్తుప్రతులు చూపించాలి. గూగుల్ డాక్స్‌లో రాస్తే ఏ వాక్యం ఎప్పుడు చేర్చారో, ఏది కొట్టేశారో వెర్షన్ హిస్టరీలో ఉంటుంది. ఏఐ ఇచ్చినదాన్ని చూసి టైప్ చేసినా అక్కడ చరిత్ర కనిపిస్తుంది కాబట్టి అదొక్కటే చాలదు. ఈ అంకె ఎక్కడిది, ఈ ఉదాహరణే ఎందుకు తీసుకున్నారు, ఏం రాసి తీసేశారు అని అడిగితే, స్వయంగా రాసినవారు సాధారణంగా చెప్పగలరు. ఉదహరించిన పుస్తకం నిజంగా ఉందో లేదో కూడా వెతికి చూడవచ్చు, లేనివాటిని ఉన్నట్టు పుట్టించడం ఏఐకి అలవాటే.

అనుమానం వచ్చినవారికి నా విన్నపం ఒకటే: ముద్ర వేసే ముందు, రాసినవారిని ఆ ప్రశ్నలు అడగండి.