మూసినా పోని బిల్లులు

సూపర్‌మార్కెట్ కౌంటర్లో పొద్దున బార్‌కోడ్ చూపగానే ధర తెరమీద పడుతుంది. సాయంత్రానికి అదే కంప్యూటర్ ఒక్కో వస్తువుకీ నానుస్తుంది. ప్రోగ్రాం మూసి తెరిస్తే మళ్లీ చురుకు. మెమరీ లీకును అనుమానించాల్సింది ఇక్కడే.

టాస్క్ మేనేజర్లో అంకె పెరిగినంత మాత్రాన లీకు అనలేం. డాట్‌నెట్ ప్రోగ్రాముల్లో వాడేసిన మెమరీని గార్బేజ్ కలెక్టర్ తీరుబడిగా ఊడుస్తుంది. అందుకే ప్రొఫైలర్ కావాలి. కలెక్టర్‌ను బలవంతంగా నడిపించి ఒక స్నాప్‌షాట్ తీస్తారు. 50 బిల్లులు వేసి, అన్నీ మూసి, అలాగే మరొకటి తీసి పోలుస్తారు. తెరమీద ఒక్క బిల్లూ లేకపోయినా `BillForm` లెక్క 50 పెరిగిందంటే దొంగ దొరికినట్టే.

వాటిని పట్టుకున్నదెవరో కూడా ప్రొఫైలర్ చూపిస్తుంది. ఇలాంటి ప్రోగ్రాముల్లో తరచూ అది స్కానర్ ఆబ్జెక్టే. ప్రతి బిల్లూ తెరుచుకుంటూనే ‘స్కాన్ అయితే నాకు చెప్పు’ అని దాని దగ్గర పేరు రాయించుకుంటుంది, పోయేటప్పుడు కొట్టేయించుకోదు. స్కానర్ షిఫ్టంతా ఉంటుంది కనుక ఆ బిల్లులూ ఉంటాయి. అసలు తంటా మెమరీ ఒక్కటే కాదు: 300వ బిల్లులో సబ్బు స్కాన్ చేస్తే, ఆ కబురు మూసేసిన 299 బిల్లులకూ వెళ్తుంది. ర్యామ్ పెంచితే ఇది తగ్గదు.

మందు మాత్రం ఒక్క వరుస. బిల్లు మూసేచోట రాయాలి:

```
scanner.Scanned -= OnScanned;
```

తర్వాత అదే 50 బిల్లుల పరీక్ష మళ్లీ చేయాలి. ఈసారీ లెక్క పెరిగితే, ఇంకెక్కడో మరో పేరు మిగిలిపోయిందన్నమాట.