45 గీతల విరామం

ఇంట్లో నలుపు తెలుపు టీవీ ఉన్న రోజుల్లో పెరిగినవాళ్ళకు ఒక దృశ్యం గుర్తుండే ఉంటుంది. వార్తలు వస్తూ వస్తూ ఉన్నట్టుండి బొమ్మ పైకి జారడం మొదలుపెట్టేది. చదువుతున్న ఆవిడ తల పై అంచులో మాయమై, కింది అంచు నుంచి మళ్ళీ పుట్టుకొచ్చేది. ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య అడ్డంగా లావుపాటి నల్లపట్టీ కనిపించేది. ఇంట్లో ఎవరో ఒకరు లేచి ‘వర్టికల్ హోల్డ్’ నాబ్‌ను అటూ ఇటూ తిప్పితే గానీ బొమ్మ నిలిచేది కాదు. ఈ కథ ఆ నల్లపట్టీది. పిక్చర్ ట్యూబు పోయి పలక మానిటర్లు వచ్చాక కూడా అది చావలేదు. ఇవాళ కంప్యూటర్లో ఆట ఆడుతుంటే తెర చీలినా, కుదుపులు వచ్చినా మూలం అక్కడే ఉంటుంది.

పిక్చర్ ట్యూబులో ఒక ఎలక్ట్రాన్ పుంజం తెరను గీత తర్వాత గీతగా పైనుంచి కిందికి వెలిగిస్తూ వస్తుంది. కింది అంచు చేరాక మళ్ళీ పైకి వెళ్ళాలి. దాన్ని నడిపించే అయస్కాంత తీగచుట్టలకు ఆ మలుపు ఒక్క క్షణంలో సాధ్యం కాదు. అందుకని పుంజాన్ని ఆర్పేసి, పైకి తీసుకెళ్ళి, మళ్ళీ వెలిగిస్తారు. దూరదర్శన్ వాడిన పద్ధతిలో బొమ్మకు 625 గీతలైతే, వాటిలో దాదాపు 50 గీతల కాలం ఈ తిరుగు ప్రయాణానికే పోయేది. ‘ఇక పైకి వెళ్ళు’ అని చెప్పే సంకేతం పేరే వర్టికల్ సింక్. మన ఆటల సెట్టింగుల్లో కనిపించే వీసింక్ అదే.

1977లో వచ్చిన అటారీ 2600 ఆట యంత్రంలో ఈ విరామం ప్రోగ్రామర్ బతుకుదెరువు. దానిలో మెమరీ 128 బైట్లే. ఒక పూర్తి బొమ్మను దాచుకునే చోటే లేదు కాబట్టి, పుంజం ఏ గీత మీద ఉంటే ఆ గీతలో ఏం కనిపించాలో ప్రోగ్రామే అప్పటికప్పుడు చెప్పాలి. `VSYNC` అనే రిజిస్టరును మూడు గీతల సేపు స్వయంగా ఆన్ చేసి ఉంచాలి. తర్వాత 37 గీతలు ఖాళీ, 192 గీతలు బొమ్మ, మళ్ళీ 30 ఖాళీ, మొత్తం 262. బంతి ఎటు పోవాలి, ఎవరికి ఎన్ని పాయింట్లు అన్న ఆలోచనంతా ఆ ఖాళీ గీతల్లోనే ముగించాలి. లెక్క తప్పితే బొమ్మ మన పాత టీవీలో లాగే జారిపోతుంది.

తర్వాత మెమరీ చౌకయింది. గ్రాఫిక్స్ కార్డు రెండు బొమ్మలను ఉంచుకోగలిగింది. ఒకటి తెరకు పోతుంటే, వెనక రెండోది తయారవుతుంది. తయారవగానే రెండూ చోటు మార్చుకుంటాయి. చోటు ఎప్పుడు మార్చుకోవాలన్నదే ఆనాటి నుంచి చిక్కు.

ఎల్‌సీడీ మానిటర్లో పుంజం లేదు, తిరుగు ప్రయాణమూ లేదు. కానీ కేబుల్లో విరామం అలాగే మిగిలింది. 1920×1080 మానిటర్‌కు సెకనుకు 60 బొమ్మలు పంపే మామూలు పద్ధతిలో, కార్డు ఒక్కో బొమ్మకు 1080 కాదు, 1125 గీతల కాలం తీసుకుంటుంది. ఆ 45 గీతల్లో బొమ్మ లేదు. మొత్తం 16.67 మిల్లీసెకన్లలో ఆ విరామం వాటా సుమారు 0.67. చోటు మార్పు ఆ సందులో జరిగితే కంటికి ఏమీ తెలియదు. మిగిలిన 16 మిల్లీసెకన్లలో ఎప్పుడు జరిగినా, పైభాగం పాత బొమ్మ, కిందిభాగం కొత్త బొమ్మ. ఆటలో కరెంటు స్తంభం ముందు నిలబడి మౌసును పక్కకు తిప్పండి. స్తంభం నడుము దగ్గర తెగి, కింది ముక్క పక్కకు జరిగినట్టు కనిపిస్తే అదే చీలిక.

చీలిక గీత ఎలా కదులుతుందో కూడా చూడాలి, అది చాలా చెబుతుంది. ఎక్కడెక్కడో మెరిసి మాయమవుతుంటే ఫ్రేమ్ రేటుకూ మానిటర్ రేటుకూ పొంతన లేదన్నమాట. మెల్లగా పైకి పాకుతుంటే ఆట మానిటర్ కన్నా ఒక వెంట్రుకవాసి వేగంగా ఉంది, కిందికి పాకుతుంటే అంతే నెమ్మదిగా ఉంది.

వీసింక్ ఆన్ చేస్తే కార్డు విరామం దాకా ఆగి చోటు మారుస్తుంది. చీలిక పూర్తిగా పోతుంది. చాలామంది ఇక్కడితో ఆగుతారు. అప్పుడు రెండు కొత్త ఇబ్బందులు వస్తాయి. ఒకే సీటున్న బస్సు ప్రతి 16.67 మిల్లీసెకన్లకు కచ్చితంగా బయల్దేరుతుందనుకోండి. ఎక్కాల్సిన ప్రయాణికుడు మన ఫ్రేమ్. అతను ఒక్క మిల్లీసెకను ఆలస్యమైతే బస్సు ఆగదు, ఖాళీగా పోతుంది. తెర మీద పాత బొమ్మే ఇంకోసారి నిలుస్తుంది. మనకు తెలిసే కుదుపు అదే. ఇక కార్డు బలమైనదై సెకనుకు 200 ఫ్రేములు చేయగలిగితే రెండో ఇబ్బంది. ప్రయాణికులు ముందే వచ్చి వరసలో నిలబడతారు. విండోస్‌లో డైరెక్ట్3డీ మామూలుగా మూడు ఫ్రేముల దాకా వరసకు చోటిస్తుంది. అంటే మౌసు కదలికను చదువుకుని పుట్టిన ఫ్రేమ్ మూడు బస్సుల కోసం, దాదాపు 50 మిల్లీసెకన్లు, ఎదురుచూస్తుంది. తెర నున్నగా ఉన్నా చేతికి మౌసు జిగురులో కదులుతున్నట్టు ఉంటుంది.

ఫ్రేమ్ రేటుకు పరిమితి పెట్టడం ఈ వరసను తీసేయడానికే. ప్రయాణికులను బస్సుల కన్నా కాస్త తక్కువ జోరుతో పంపితే వరస ఎన్నటికీ పేరుకోదు. ఎప్పుడో ఒకసారి మాత్రం ఒక బస్సు ఖాళీగా పోతుంది. ఎంత తక్కువ అన్నదే అసలు సంగతి, చాలామంది పొరబడేదీ అక్కడే.

నా మానిటర్ డబ్బా మీద 60 హెర్ట్జ్ అని ఉంది. `testufo.com/refreshrate` పేజీ తెరిచి, మిగతావన్నీ మూసి, పది నిమిషాలు కొలవనిస్తే 59.951 దగ్గర స్థిరపడింది. ఇది లోపం కాదు. కార్డు తన గడియారాన్ని గుండ్రం చేసుకునే తీరులో ఇంతటి తేడాలు మామూలే. పైగా 1953లో అమెరికా రంగుల టీవీ కోసం 60ని 59.94కు తగ్గించిన నిర్ణయం కూడా ఇప్పటికీ చాలా మానిటర్ల సెట్టింగుల్లో బతికే ఉంది.

మొదట నేను అందరిలాగే 60 అని పరిమితి పెట్టాను. ఆట మొదలైన కాసేపు అద్భుతంగా ఉండేది, నిమిషంలోపే మౌసు బరువెక్కేది. లెక్క చూస్తే కారణం దొరికింది. 60 నుంచి 59.951 తీసేస్తే 0.049. సెకనుకు అంత మిగులు పోగవుతూ, దాదాపు 20 సెకన్లకు ఒక ఫ్రేమ్ చొప్పున వరసలో చేరుతోంది. మూడు చేరేసరికి పరిమితి ఉన్నా లేనట్టే.

తర్వాత 59 పెట్టాను. బరువు పోయింది గానీ, ఇంచుమించు సెకనుకొకసారి చిన్న కుదుపు మొదలైంది. 59.951కీ 59కీ తేడా 0.951, అంటే సెకనుకు దాదాపు ఒక ఖాళీ బస్సు. నిలబడి కాల్చుతుంటే తెలియదు, తిన్నగా నడుస్తూ గోడ వంక చూస్తే గుండె కొట్టుకున్నట్టు తెలుస్తుంది.

కొలిచిన రేటు కన్నా 0.01 తక్కువగా పెట్టడం ఇలాంటి మానిటర్లకు బాగా కుదిరే పద్ధతి. నా లెక్కలో అది 59.941. ఆటల లోపలి పరిమితులు చాలావరకు పూర్ణాంకాలే తీసుకుంటాయి కాబట్టి, రివా ట్యూనర్ స్టాటిస్టిక్స్ సర్వర్ అనే చిన్న ప్రోగ్రామ్ వాడాను. దాని `Profiles` ఫోల్డరులో `Global` అనే ఫైలు ఉంటుంది. ప్రోగ్రామ్ మూసేసి, అందులో ఈ రెండు విలువలు మార్చాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే పరిమితి.

```
[Framerate]
Limit=59941
LimitDenominator=1000
```

ఆటలో వీసింక్ ఆన్, ఆట లోపలి పరిమితి ఆఫ్. రెండు పరిమితులు ఒకేసారి పెడితే అవి ఒకదాన్నొకటి నెట్టుకుని లేని కుదుపులు తెస్తాయి. ఇప్పుడు తేడా 0.01, కాబట్టి ఒక బొమ్మ రెండుసార్లు కనిపించేది 100 సెకన్లకు ఒకసారి. ఆ ఒక్క చోట మాత్రం కుదుపు సెకను పాటు వణికినట్టు రావచ్చు. ఎందుకంటే ఫ్రేమ్ వచ్చే వేళ సెకనుకు 0.17 మిల్లీసెకన్ల చొప్పునే జరుగుతుంది. బస్సు కదిలే క్షణానికి అంత దగ్గరగా ఉన్నంతసేపు, రవ్వంత తేడా వచ్చినా ఒకసారి ఎక్కుతుంది, ఒకసారి తప్పుతుంది. నాకు ఇది సమ్మతమే. శత్రువు ఎదురుగా ఉండగా పది మిల్లీసెకన్లు కూడా వదులుకోలేని పోటీ ఆటగాడు వీసింక్ మానేసి, చీలికను భరించడమే సబబు.

డ్రైవరులో కనిపించే మిగతా రకాల్లో రెండింటి గురించే చెబుతాను. ఎన్విడియా 2012లో తెచ్చిన అడాప్టివ్ వీసింక్, ఫ్రేమ్ రేటు మానిటర్ కన్నా పడిపోగానే వీసింక్‌ను ఆపేస్తుంది. కుదుపు తగ్గుతుంది, ఆ కాసేపు చీలిక వస్తుంది. అంటే మన 0.01 పద్ధతికి ఇది పనికిరాదు, మన రేటు ఎప్పుడూ కిందే ఉంటుంది కదా. 2016లో వచ్చిన ఫాస్ట్ సింక్ ఫ్రేములను ఆపకుండా చేయనిచ్చి, విరామం వచ్చేసరికి అన్నిటికన్నా తాజాదాన్ని ఎక్కిస్తుంది. 60 హెర్ట్జ్ మానిటర్ మీద 180, 200 ఫ్రేములు వచ్చే పాత ఆటల్లో ఇది మంచిది. 80 దగ్గర తిరుగుతుంటే కొన్ని ఫ్రేములను అడ్డదిడ్డంగా వదిలేసి, కదలికను గరుకు చేస్తుంది.

ఇవేవీ తీర్చలేని సందర్భం ఒకటుంది. కార్డు అసలు 60 అందుకోలేకపోవడం. సగటున 40 వస్తున్నాయనుకోండి, ఒక్కో ఫ్రేముకు 25 మిల్లీసెకన్లు. కానీ బస్సులు 16.67కే ఉన్నాయి. కాబట్టి ఒక బొమ్మ ఒక విడత, తర్వాతిది రెండు విడతలు, ఇలా కుంటుకుంటూ నిలుస్తాయి. తెర మూలన 40 అనే అంకె నిలకడగానే కనిపిస్తుంది. అందుకే అంకెను కాదు, ఫ్రేమ్ టైమ్ గ్రాఫును చూడాలి. గ్రాఫుకూ ఒక హద్దుంది, అది ఫ్రేమ్ కార్డుకు చేరిన వేళనే చూపుతుంది, తెర మీద నిలిచిన వేళను కాదు. 40 దగ్గర గ్రాఫు తిన్నగా ఉండి కూడా కంటికి కుంటినడక కనిపిస్తే కన్నునే నమ్మాలి. ఇలాంటప్పుడు నీడలు, ప్రతిబింబాల నాణ్యత తగ్గించి, అతి బరువైన చోట కూడా ఫ్రేమ్ 15 మిల్లీసెకన్లలోపు ముగిసేలా చూడాలి. కుదరకపోతే ‘అడాప్టివ్’ రకాల్లోనే ఉండే సగం రేటు వీసింక్ పెట్టి 30కి దిగడం మేలు. కుంటే 40 కన్నా తిన్నగా నడిచే 30 కంటికి హాయి.

2013లో ఎన్విడియా ప్రకటించిన జీ-సింక్ ఈ కథను తలకిందులు చేసింది. ఫ్రేమ్ సిద్ధమయ్యేదాకా మానిటరే ఆ విరామాన్ని సాగదీసి ఎదురుచూస్తుంది, బస్సు ప్రయాణికుడి కోసం ఆగినట్టు. స్థిర రేటు మానిటర్లో ఆ విరామం 45 గీతలే, అంతకు మించి సాగదు, కాబట్టి అక్కడ రేటు కొలిచి పరిమితి పెట్టుకోవడమే దారి. కార్డు మార్చినా, కేబుల్ మార్చినా, సెట్టింగుల్లో 59.94 బదులు 60 ఎంచుకున్నా కొలత మారుతుంది. అప్పుడు మళ్ళీ పది నిమిషాలు కొలిచి, `Limit` అంకెను దిద్ది, కరెంటు స్తంభం ముందు నిలబడి రెండు నిమిషాలు మౌసు తిప్పి చూడాలి.