ఐదో సర్వర్ వచ్చిన రోజు

పెద్ద వెబ్‌సైట్లు జనం తరచూ అడిగే సమాచారం కోసం ప్రతిసారీ డేటాబేస్‌ దాకా వెళ్లవు. దాని కాపీని కాష్ సర్వర్ల మెమరీలో ఉంచుకుంటాయి. ప్రతి సమాచారానికీ ‘కీ’ అనే పేరు ఉంటుంది. ఆ పేరును హ్యాష్ ఫంక్షన్‌కు ఇస్తే ఒక సంఖ్య వస్తుంది. సర్వర్లు నాలుగుంటే, ఆ సంఖ్యను 4తో భాగించి, శేషాన్ని బట్టి సర్వర్‌ను ఎంచుకోవడం అందరికీ ముందుగా తట్టే పద్ధతి.

చిక్కంతా ఐదో సర్వర్ చేర్చినప్పుడే. 73 సంఖ్య వచ్చిన కీని తీసుకుందాం. 4తో భాగిస్తే శేషం 1, 5తో భాగిస్తే 3. అంటే కాపీ ఒక సర్వర్లో ఉంటే, వెతికేది మరో సర్వర్లో. ఇలా దాదాపు 80 శాతం కీల చిరునామా మారిపోతుంది. కాష్‌లో దొరకనివన్నీ ఒక్కసారిగా డేటాబేస్‌ మీద పడతాయి. భారం తగ్గించాలని తెచ్చిన సర్వరే సైట్‌ను కుప్పకూల్చగలదు.

దీనికి విరుగుడుగా ఎంఐటీకి చెందిన డేవిడ్ కార్గర్, టామ్ లైటన్, డేనియల్ లెవిన్, వారి సహచరులు 1997లో ‘కన్సిస్టెంట్ హ్యాషింగ్’ను ప్రతిపాదించారు. ఇందులో సంఖ్యలన్నిటినీ గడియారం అంకెల్లా వలయంగా పేరుస్తారు. మన వలయంలో 0 నుంచి 99 దాకా ఉన్నాయనుకుందాం. సర్వర్లు 10, 35, 60, 85 స్థానాల్లో ఉన్నాయి. కీ సంఖ్య దగ్గర మొదలుపెట్టి ముందుకు వెళ్తే మొదట ఎదురయ్యే సర్వరే దాని చోటు. 73 వెళ్లేది 85కు. 90 మాత్రం 99 దాటి, చుట్టూ తిరిగి 10కి చేరుతుంది.

ఇప్పుడు 50 దగ్గర ఐదో సర్వర్ పెడదాం. 36 నుంచి 50 వరకున్న కీలు మాత్రమే 60 నుంచి దానికి మారతాయి. మిగతావి కదలవు. 73 ఇంకా 85 దగ్గరే ఉంటుంది.

అయితే ఇక్కడ కొత్త సర్వర్ ఒక్క పొరుగువాడి భారాన్నే తగ్గించింది. పైగా నిజంగా ఈ స్థానాలు సర్వర్ పేరును హ్యాష్ చేస్తే వచ్చేవి కాబట్టి, ఇంత సమంగా పడవు. అందుకే ఒక్కో సర్వర్‌ను వలయం మీద వందకు పైగా చోట్ల ఉంచుతారు. వీటిని వర్చువల్ నోడ్లంటారు. అప్పుడు కొత్తది ప్రతి సర్వర్ నుంచీ కొంచెం కొంచెం తీసుకుంటుంది. మొత్తం మీద కదిలేది సుమారు 20 శాతమే.

ఒక ప్రమాదం మాత్రం మిగిలే ఉంటుంది. కొత్త సర్వర్‌కు మారిన కీల పాత కాపీలు 60లో అలాగే ఉండిపోవచ్చు. కొన్నాళ్లకు ఐదో సర్వర్‌ను తీసేస్తే, పాత ధరో పాత చిరునామానో మళ్లీ తెర మీదికి వస్తుంది. కాబట్టి కాపీలకు గడువు పెట్టాలి. సర్వర్ల జాబితా కూడా అన్ని ప్రోగ్రాముల్లో ఒకేలా ఉండాలి. ఈ రెండూ పాటించకపోతే, ఎంత మంచి వలయమైనా తప్పుడు సమాధానమే ఇస్తుంది.