మీకు తెలుసా? లాటే బొమ్మను చెడగొట్టేది పెద్ద బుడగే!

ఇంటి వంటగదిలోనూ కాఫీ మీద తెల్లటి హృదయం బొమ్మ వేయొచ్చు. అందుకు కావాల్సింది కంటికి బుడగలే కనిపించని, తడి పెయింట్‌లా మెరిసే నురగ.

• బుడగ వ్యాసం సగమైతే అది పైకి తేలే వేగం నాలుగో వంతుకు తగ్గుతుంది. అందుకే సన్న బుడగలు పాలలో కలిసే ఉంటాయి. పెద్దవి పైకి చేరి గట్టి పొర కడతాయి. వంచినప్పుడు ముందు ఉత్త పాలు జారి, చివర్లో నురగ ముద్దగా పడుతుంది. ఇక బొమ్మ రాదు.

• స్టీమ్ యంత్రం లేకపోతే ఫ్రెంచ్ ప్రెస్ చాలు. మీగడ తరకలు లేని ప్యాకెట్ పాలను 60–65 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి, ప్రెస్‌లో మూడో వంతుకు మించకుండా పోయండి. పిడిని కొద్ది సెకన్లు చకచకా ఆడించండి. పాలను మూతి ఉన్న జగ్గులోకి మార్చి, గట్టుకు తట్టి, మెరుపు వచ్చేదాకా గుండ్రంగా తిప్పండి.

• కాఫీ ఉన్న కప్పును జగ్గు వైపు వాల్చి, నాలుగు వేళ్ల ఎత్తు నుంచి పాలను సన్నధారగా పోయండి. పాలు కాఫీ అడుగుకు దిగుతాయి. కప్పు సగం నిండాక జగ్గు మూతిని కాఫీకి ఆనేంత దగ్గరికి తెచ్చి, ఇంకాస్త వంచండి. అప్పుడే తెలుపు పైన తేలి గుండ్రంగా పరుచుకుంటుంది. చివర్లో జగ్గును కాస్త ఎత్తి, సన్నధారతో మధ్యలోంచి ముందుకు గీస్తే హృదయం బొమ్మ సిద్ధం.

తెలుపు అసలు తేలకపోతే మూతి ఇంకా ఎత్తులో ఉందని గుర్తించండి.