ర్యాంకులు లేని బడి ఫ్లెక్సీ మీద ఏం రాయాలి?

మార్చి నెల వచ్చిందంటే ఆంధ్ర, తెలంగాణ పట్టణాల్లో కరెంటు స్తంభాలన్నీ బడుల ఫ్లెక్సీలతో నిండిపోతాయి. పేరున్న బడులు పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల ఫొటోలు వరసగా వేస్తాయి. కింద ‘అడ్మిషన్లు జరుగుచున్నవి’ అని ఉంటుంది. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు కాబట్టి తల్లిదండ్రులు ఏప్రిల్, మే నెలల్లోనే తేల్చుకుంటారు. అదే వీధిలో కొత్తగా ఒక ప్రాథమిక పాఠశాల పెట్టినవారికి ఇక్కడే చిక్కు వస్తుంది. వాళ్ల దగ్గర పదో తరగతే లేదు, ర్యాంకులు అంతకన్నా లేవు.

దాంతో చాలామంది పక్క బడి ఫ్లెక్సీనే నమూనాగా పెట్టుకుంటారు. ‘విలువలతో కూడిన విద్య’, ‘ఉజ్వల భవిష్యత్తుకు బంగారు బాట’ అని రాయించి, దాని కింద డిజిటల్ క్లాసులు, అబాకస్, కరాటే, ఐఐటీ ఫౌండేషన్ అని జాబితా ఇస్తారు. ఆ ఫ్లెక్సీ మీద బడి పేరు చెరిపేసి ఎదురు బడి పేరు రాసినా ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. రెండు బడులూ ఒకే మాట చెప్పినప్పుడు తల్లిదండ్రులు పాత బడినే నమ్ముతారు. అందులో తెలిసినవారి పిల్లలు చదివి ఉంటారు, పదేళ్లుగా తలుపులు తెరిచే ఉంది. అంటే కొత్త బడి తన డబ్బుతో పాత బడికి ప్రచారం చేసినట్టే అవుతుంది.

కొత్త బడికి కావలసింది వేరే రకం మాట. పెద్ద బడి తలచుకున్నా చెప్పలేనిది, తల్లిదండ్రులు స్వయంగా వచ్చి చూసుకోగలిగేది, మూడో ఏడాది కూడా నిజంగానే మిగిలేది అయి ఉండాలి.

నర్సరీ నుంచి రెండో తరగతి వరకు మొదలుపెడుతున్న ఒక చిన్న పట్టణపు బడిని ఊహించుకుందాం. దానికి ఉన్న బలమల్లా పిల్లలు తక్కువగా ఉండటమే. విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతుల్లో సుమారు ముప్పై మందికి ఒక టీచరు ఉండాలంటుంది. ఈ బడి తరగతికి ఇరవై మందినే తీసుకుంటానంటుంది. అయితే ‘తక్కువ మంది పిల్లలు, వ్యక్తిగత శ్రద్ధ’ అని రాస్తే మళ్లీ అందరి మాటే అవుతుంది. ఆ తక్కువ మందితో ఏం చేస్తారో చెప్పినప్పుడే దానికి బరువు వస్తుంది. ఉదాహరణకు: ‘తరగతికి ఇరవై మందే. ప్రతి బిడ్డ చదవడం వారం వారం వింటాం.’

ఈ మాట వెనుక లెక్క ఉంది. ఒక్కో బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ఐదు నిమిషాలు గట్టిగా చదివించి వినాలంటే, ఇరవై మందికి వారానికి వంద నిమిషాలు చాలు. ఆరు రోజులకు పంచితే రోజుకు పదిహేడు నిమిషాలు, అంటే సగం పీరియడ్. నలభై ఐదు మంది ఉన్న తరగతిలో అదే పనికి రోజూ ఒక పీరియడ్ మొత్తం పోతుంది. అందుకే పెద్ద బడి ఈ మాటను ఫ్లెక్సీ మీద కాపీ కొట్టినా తరగతిలో నిలబెట్టుకోవడం కష్టం.

చదవడాన్నే ఎంచుకోవడానికీ కారణముంది. 2008లో మొదలుపెట్టి నాలుగేళ్లపాటు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక పెద్ద అధ్యయనం చేశారు. లాటరీ ద్వారా వోచర్లు పొంది ప్రైవేటు బడుల్లో చేరిన పిల్లలు తెలుగులోనూ లెక్కల్లోనూ ప్రభుత్వ బడి పిల్లలను మించలేదని అందులో తేలింది. ప్రైవేటు బడులు ఆ రెండింటికీ తక్కువ సమయం కేటాయించి కూడా ఆ ఫలితమే తెచ్చాయన్నది నిజమే. అయినా ఫీజు కట్టే తల్లి వైపు నుంచి చూస్తే, బిడ్డ తెలుగు చదువు ఆ మేరకు మెరుగుపడలేదు. పోటీ బడులు ఐఐటీ గురించి మాట్లాడుతుంటే, ఏడేళ్ల పిల్ల కథల పుస్తకం తడుముకోకుండా చదవడం గురించి మాట్లాడే చోటు ఖాళీగానే ఉంది.

ఇక ఈ మాటకయ్యే ఖర్చు. ఏడాదికి 18,000 రూపాయల ఫీజు అనుకుంటే ఇరవై మందికి 3,60,000. టీచరుకు నెలకు 15,000 ఇస్తే 1,80,000 పోతుంది. మిగిలిన సగంలోనే అద్దె, ఆయా జీతం, కరెంటు, పుస్తకాలు అన్నీ చూసుకోవాలి. రెండో ఏడాది ఇరవై ఐదో బిడ్డ తండ్రి డబ్బు పట్టుకుని గుమ్మంలో నిలబడినప్పుడు అసలు పరీక్ష మొదలవుతుంది. ‘ఒక్కరే కదా’ అని చేర్చుకుంటూ పోతే ఏడాది తిరిగేసరికి తరగతిలో ముప్పై ఐదు మంది ఉంటారు. తల్లులు అది లెక్కపెట్టుకుంటారు, వీధిలో చెప్పుకుంటారు. రెండో సెక్షన్ తెరవాలంటే కనీసం ఎంతమంది కావాలి, అప్పటిదాకా వచ్చినవారిని ఎలా వెయిటింగ్‌లో పెట్టాలి అన్నది ఫ్లెక్సీ అచ్చుకు ఇవ్వకముందే తేల్చుకోవాలి. ఆ ఫీజుతో ఇరవై మందిని నడపలేమని లెక్క తేలితే సంఖ్యను ఇరవై ఐదు అని రాసుకోవడం మేలు.

ఫ్లెక్సీని బండి మీద పోయేవారు రెండు మూడు క్షణాలే చూస్తారు. బడి పేరు, ఈ ఒక్క మాట, ఏయే తరగతులు, ఎక్కడ, ఫోన్ నంబరు. అంతకు మించి పడదు. మిగతాదంతా కరపత్రానికి వదలాలి. అందులో ట్యూషన్ ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, వ్యాన్ అన్నీ కలిపి ఏడాదికి ఎంతవుతుందో ఒకే అంకెగా ఉండాలి. టీచర్లు డీఈడీ చేశారా, టెట్ పాసయ్యారా అన్నది ఉండాలి. ‘ఐదో తరగతి తర్వాత ఎక్కడికి?’ అన్న ప్రశ్నకు దగ్గరలోని హైస్కూళ్ల పేర్లతో జవాబుండాలి. అది అడగని తండ్రి ఉండడు.

రాయకూడనివీ ఉన్నాయి. గుర్తింపు పత్రం లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల వరకు జరిమానా పడుతుంది. ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లలను వడపోయడం నేరం. మొదటిసారికి 25,000, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 వరకు జరిమానా ఉంది. అందువల్ల ‘టెస్ట్ ద్వారా అడ్మిషన్’ అని గొప్పగా రాస్తే అది తప్పును గోడకెక్కించడమే. సీబీఎస్ఈ గుర్తింపు లేని బడి ‘సీబీఎస్ఈ ప్యాటర్న్’ అని రాయడం తల్లిదండ్రులను తప్పుదారి పట్టిస్తుంది. ఆధారం లేకుండా ‘నంబర్ వన్’ అనడం ప్రకటనల ప్రమాణాల మండలి నియమాలకు విరుద్ధం. వెనకబడ్డ పిల్లలను పనికిరానివారిగా చూపే ప్రకటనలనూ ఆ మండలి 2023 నుంచి ఒప్పుకోవడం లేదు.

ప్రచారం పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒక నోటు పుస్తకం సరిపోతుంది. ఫోన్ చేసినవారు, వచ్చి చూసినవారు, చేర్పించినవారు అని మూడు గడులు. ఫోన్లే రాకపోతే మాట చేరలేదు. ఫోన్లు వచ్చి మనుషులు రాకపోతే ఫోన్ ఎత్తినవారి జవాబులో లోపం ఉంది. వచ్చి చూసి కూడా చేర్చకపోతే ఫ్లెక్సీ చెప్పినదానికీ తరగతిలో కనిపించినదానికీ పొంతన కుదరలేదు.

‘కొత్త బడి కదండీ, ఏ నమ్మకంతో చేర్చమంటారు?’ అని ఒక తల్లి అడిగితే, తరగతిలో బల్లలు లెక్కపెట్టుకోనిచ్చి, ఏ బిడ్డ ఏ వారం ఏ పేజీ చదివాడో టీచరు రాసుకునే రిజిస్టరు ఎలా ఉంటుందో చూపించాలి. మొదటి వేసవిలో ఆ రిజిస్టరు ఖాళీగానే ఉంటుంది, ఆ సంగతీ దాచకుండా చెప్పాలి. తల్లిదండ్రులు కూడా చేర్పించడంతో సరిపెట్టుకోకుండా దసరా సెలవులకు ముందు ఒకసారి వెళ్లి, తమ బిడ్డ పేరు ఎదురుగా ఎన్ని వారాలు నిండాయో ఆ రిజిస్టరులో చూడాలి.