ఆరు గంటల పెళ్లి, పది నిమిషాల్లో

ఆరు గంటల పెళ్లి రికార్డింగును ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేలా పది నిమిషాలు చేయాలంటే, ప్రతి ముప్పై ఆరు నిమిషాలకూ మిగిలేది ఒక్క నిమిషమే. నాకు తెలిసిన వీడియోగ్రాఫర్ ముందు వేదిక మీది ఫొటోల వరసను పక్కన పెడతాడు. రెండు గంటలు తినేసేది అదే.

అసలు పని మాంగల్యధారణ దగ్గర. బొమ్మను కోసిన చోటే శబ్దాన్నీ కోస్తే గట్టిమేళం తెగితెగి వినిపిస్తుంది. అందుకే ఒకే కెమెరా నుంచి నలభై సెకన్ల మేళం తెగకుండా తీసుకుని, దాని మీద బొమ్మలు పేరుస్తాడు: ముడి వేసే వేళ్లు, పెళ్లికూతురి వంచిన మెడ, గుప్పిట్లో అక్షింతలు అలాగే పట్టుకుని కొంగుతో కళ్లొత్తుకునే అమ్మమ్మ. తర్వాత కళ్లు మూసుకుని వింటాడు. ఎక్కడైనా మేళం తడబడితే కోత తప్పినట్టే.

అప్పగింతలకు మాత్రం పాట పెట్టడు. నిమిషంపాటు ఆ మాటలూ వెక్కిళ్లే వినిపించాలంటాడు. నాకూ అదే సబబనిపిస్తుంది.

మీ ఇంట పెళ్లయితే, తప్పక కనిపించాల్సిన నలుగురైదుగురిని వీడియోగ్రాఫరుకు ముందే చూపించండి. అమ్మమ్మ ఎవరో అతనికి తెలియదు.