రాకెట్ బొమ్మ వెనకున్న అంకె

విద్యుత్ స్కూటర్ విడుదలకు ముందురోజు మార్కెటింగ్ గ్రూపులో ఇలాంటి మెసేజ్ పడిందనుకుందాం: “ఒక్క చార్జ్‌కి 150 కి.మీ. 🚀🚀 బుకింగ్స్ 10 వేలు దాటాయ్ 🔥 రేటు 99,999 మాత్రమే!”

దీన్ని విలేకరులకు ప్రెస్‌నోట్‌గా మార్చాలి. బొమ్మలు తీసేసి భాష దిద్దితే చాలదు. రాకెట్ ఉన్నచోట ఒక ఆధారం లేకుండా పోయింది, దాన్ని వెతికి తేవాలి.

ఆ 150 కి.మీ. ఎవరు కొలిచారు? పుణెలోని ఏఆర్ఏఐ పరీక్షలో వచ్చిందా, కంపెనీ అంచనానా? పరీక్షలో వచ్చినదే అయినా, ఇద్దరెక్కి ఫ్లైఓవర్ల మీదుగా వెళ్తే అంత దూరం రాకపోవచ్చు. అందుకే అంకె పక్కనే ‘పరీక్షలో ధ్రువీకరించిన’ అన్న మాట ఉండాలి.

నేను గట్టిగా పట్టుబట్టేది బుకింగ్స్ దగ్గరే. డబ్బు కట్టినవాళ్లా, వెబ్‌సైట్లో పేరు మాత్రమే ఇచ్చినవాళ్లా? అడిగితే అమ్మకాల విభాగం నుంచి, కట్టినవాళ్లు 2,300 మందేనని జవాబు రావచ్చు. ధర కూడా అంతే. అది ఎక్స్‌షోరూమ్ ధరైతే రిజిస్ట్రేషన్, బీమా ఖర్చులు వేరే ఉంటాయి.

ఇంకో చిక్కు బొటనవేలి బొమ్మ. మేనేజర్ 👍 పెడితే ‘ఆమోదించాను’ అనా, ‘చూశాను’ అనా? అంకెలకు మాత్రం రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకోవాలి.

చివరికి పత్రికకు వెళ్లే వాక్యం ఇలా ఉంటుంది: “ఎక్స్‌షోరూమ్ ధర రూ.99,999. ఇప్పటివరకు 2,300 మంది డబ్బు చెల్లించి బుక్ చేసుకున్నారు.”